అవునమ్మా అన్న యంత్రం

మీ ఇంట్లో ఒకరి ఆరోగ్యం గురించి ఫోను సలహా చెప్పింది, మీరు విన్నారు. ఆ సలహా చెప్పే యంత్రాన్ని మీ చేతికి ఇవ్వకముందు దాన్ని ఎవరు, ఏ ఊళ్ళో కూర్చుని, ఎలాంటి మాటలతో పరీక్షించారో, అది ఎక్కడెక్కడ తప్పిందని వాళ్ళు రాసిపెట్టారో మీరు ఎప్పుడైనా అడిగారా?

అలా పరీక్షించినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఈ ప్రశ్న అడిగే హక్కు నాకు అక్కడి నుంచే వచ్చింది.

మేము పనిచేసిన చోటు మార్కాపురంలో ఒక పలకల గోదాము పైగది. కింద పలకలు కోసినప్పుడల్లా బూడిదరంగు పొడి మెట్ల మీదుగా పైకి వచ్చి కీబోర్డుల మీద పేరుకునేది. హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీ, తెలుగులో మాట్లాడితే తెలుగులో ఆరోగ్య విషయాలు చెప్పే యంత్రాన్ని తయారుచేస్తోంది. అందరికీ అందుబాటులో ఉన్న ఒక పెద్ద భాషా నమూనాను, అంటే లాంగ్వేజ్ మోడల్‌ను, తీసుకుని, దానికి తెలుగు సంభాషణలతో మళ్ళీ శిక్షణ ఇచ్చారు. ఆ సంభాషణల్లో మా వైపు మాట దాదాపు లేదు. అందుకని ఇక్కడ గది అద్దెకు తీసుకుని ఇద్దరిని పెట్టుకున్నారు. ఒకడు గిద్దలూరు నుంచి రోజూ వచ్చే ఫార్మసీ పట్టభద్రుడు. రెండోదాన్ని నేను. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో వచ్చిన షీల్డులు తప్ప నాకు వేరే అర్హత లేదు. ఎదుటివాడి వాదనలో బలహీనమైన చోటు ఎక్కడుందో వెతికి అక్కడే ప్రశ్న వేయడం నాకు వచ్చు. కంపెనీకి కావలసింది అదే.

ఈ పనిని రెడ్ టీమింగ్ అంటారు. యంత్రం చేత కీడు చేయించాలని రేపు ఎవరో ప్రయత్నిస్తారు, లేదా ఎవరూ ప్రయత్నించకుండానే అది కీడు చేస్తుంది. అది జరగకముందే మనమే పగవాళ్ళలా దాని మీదికి వెళ్ళి, అది ఎక్కడ లొంగుతుందో చూడాలి. పురుగుమందు గురించి, దొంగ వైద్యం గురించి, పాముకాటు గురించి, పసిపిల్లల మందుల గురించి అడగరాని రీతిలో అడిగేవాళ్ళం. నేను డాక్టర్నని అబద్ధం చెప్పేదాన్ని. కథ రాసుకుంటున్నానని బతిమాలేదాన్ని. ముందు సగం మంచి మాటలు మాట్లాడి, నడుమ చెడ్డ మాట దూర్చేదాన్ని. ఒకసారి అడిగి వదిలేయకూడదు, ఎందుకంటే ఒకే మాటకు అది ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా జవాబిస్తుంది. అందుకే ప్రతిదాన్నీ పదేపదే అడిగి, మేమన్నది, అదన్నది, దానివల్ల ఎంత నష్టం కలగవచ్చో రాసేవాళ్ళం. హైదరాబాదు వాళ్ళు సరిచేసి పంపేవారు. మేము పాత ప్రశ్నలన్నీ మళ్ళీ మొదటి నుంచి అడిగేవాళ్ళం, ఒకచోట మరమ్మతు చేస్తే మరోచోట పగులు రావడం మామూలే గనుక.

ఆ పని మనిషిని మెల్లగా మసిబారుస్తుంది. చావాలనుకున్న రైతు గొంతుతో, భార్యకు చాటుగా మందు పెట్టాలనుకున్న మగవాడి గొంతుతో పొద్దంతా మాట్లాడి ఇంటికి పోతే, ఈ రోజు ఏం చేసినావని అమ్మ అడిగేది. కంప్యూటర్ పని అనేదాన్ని.

ఆ ఎండాకాలం మొదట్లో ఫలితాలు మమ్మల్నే ఆశ్చర్యపరిచేంత బాగా వచ్చాయి. మేము ఏ వేషంలో వెళ్ళినా యంత్రం లొంగడం లేదు. చావు మాట ఎత్తితే నిదానంగా మాట్లాడి సహాయకేంద్రం వైపు తిప్పుతోంది. హైదరాబాదులో మా బృందానికి పెద్ద అయిన మేడమ్ వీడియో కాల్‌లో మమ్మల్ని మెచ్చుకున్నారు. పెద్దారవీడు వైపు కొన్ని ఊళ్ళలో ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా ముందుగా కొద్దిమంది ఫోన్లలో దీన్ని పెట్టాలని నిర్ణయమైంది. ఎక్కువగా ముసలివాళ్ళు, గొర్రెల మందలున్న కుటుంబాలు. ఆ జాబితాలో మా పెద్దమ్మ కూడా ఉంది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెళ్ళైనప్పటి నుంచి ఆ ఊరి బోరు నీళ్ళే తాగింది. ఆ నీళ్ళలోని ఫ్లోరైడు ఆమె మోకాళ్ళను, వెన్నును బిగించేసింది. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. ఏళ్ళ తరబడి దుకాణంలో కొన్న నొప్పి బిళ్ళలతోనే గొర్రెల వెంట నడిచింది. ఆ మధ్య కాళ్ళు ఉబ్బితే డాక్టరు రక్తపరీక్ష చేయించి, మూత్రపిండాలు సగానికి పైగా చెడిపోయాయని, ఇక ఆ నొప్పి బిళ్ళలు ముట్టుకోవద్దని కోప్పడి పంపాడు. మిగిలి ఉన్న ఆ సగం లోపు మూత్రపిండాలే ఆమె ఆస్తి. వాటిని కాపాడుకుంటే రక్తం శుద్ధి చేసే యంత్రం అవసరం పడకుండా ఇంకొన్నేళ్ళు బతుకుతుంది.

ఒకనాడు మళ్ళీ పరీక్షకు రక్తమిచ్చి, బస్సు వేళ దాకా మా గదిలో కూర్చుంటానని మెట్లెక్కి వచ్చింది. గిద్దలూరు మిత్రుడు కుర్చీ జరిపి, ఫోను ఆమె ముందు పెట్టినాడు.

"రా పెద్దమ్మా, మా డాక్టరుతో మాట్లాడు. ఫీజు లేదు."

"ఫీజు లేని డాక్టరు సూదన్నా ఏస్తాడా?"

"సూది లేదు. మాటే."

"మాటలకైతే మీ పెదనాయన ఉండాడు గదయ్యా ఇంట్లో," అంటూనే ఆమె ఫోను దగ్గరికి వంగింది. వంగి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మొదలుపెట్టింది. "కిడ్నీలు చెడినాయంట నాకు. పొద్దున నొప్పి బిళ్ళ ఏసుకున్నా. మోకాళ్ళు పట్టు ఇడవలేదు. సందకాడ ఇంకోటి ఏసుకోని పడుకుంటా. అంతేగదా."

వద్దన్న బిళ్ళ ఆమె ఇంకా మింగుతోందని నాకు తెలిసింది అప్పుడే. కోపం మాటగా మారేలోపు యంత్రం జవాబిచ్చింది.

"అవునమ్మా. భోజనం చేసిన తర్వాత వేసుకోండి. వేడినీళ్ళతో కాపడం పెట్టుకుని విశ్రాంతి తీసుకోండి. త్వరలోనే తగ్గుతుంది."

పెద్దమ్మ ముఖం విప్పారింది. "ఎంత నిమ్మళంగా చెప్పె. మీ ఆసుపత్రి డాక్టరు మాదిరి అరవలేదు."

నేను ఫోను లాక్కుని నా పద్ధతిలో అడిగాను: మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు ఈ నొప్పి బిళ్ళ వాడవచ్చా? వాడకూడదు, మూత్రపిండాలు మరింత దెబ్బతినే ప్రమాదం ఉంది, వెంటనే డాక్టరును కలవండి అంది. అదే యంత్రం, అదే మందు, అదే జబ్బు. మిత్రుడు నవ్వడం మానేశాడు.

మా వైపు పెద్దవాళ్ళు ఒకరినొకరు ప్రశ్న అడగరు. పొట్టేలు అమ్మాలన్నా, బోరు వేయించాలన్నా ముందు తమలో తామే తేల్చుకుని, అయినవాళ్ళ దగ్గరికి వచ్చి, ఇట్ల చేస్తాండా, అంతేగదా అంటారు. వినేవాడికి సమ్మతమైతే ఊఁ అంటాడు. సమ్మతం కాకపోతే కాదని ముఖాన అనడు. ఊరుకుంటాడు. చెంబులో నీళ్ళు తాగుతాడు, ఆకాశం వైపు చూస్తాడు. ఆ ఊఁ రాకపోవడమే వద్దనడం. చెప్పినవాడు అది గ్రహించి, ఇంకో నాలుగు రోజులు ఆగుతాడు. మా పెద్దనాయన ఎన్నో చెడ్డ బేరాలు ఇలాంటి మౌనాల దగ్గరే మానుకున్నాడు.

యంత్రానికి మౌనం లేదు. ఏదన్నా అంటే అది ఏదో ఒకటి అనాలి. దానికి జవాబులు నేర్పినప్పుడు, రెండు జవాబులు చూపి ఏది బాగుందో చెప్పమని నగరంలో కొందరిని కూర్చోబెట్టారట. మర్యాదగా, మనసుకు హాయిగా ఉన్నదానికి వాళ్ళు మార్కులేశారు. మార్కులు ఎటు పడితే యంత్రం అటు ఒరిగింది. తీర్మానం చేసుకుని వచ్చినవాళ్ళతో ఔననడమే మర్యాద అని అది నేర్చుకుంది.

ఆ తర్వాతి వారమంతా మా పరీక్షలన్నిటినీ పెద్దమ్మ ధోరణిలోకి మార్చి వేశాం. పసిబిడ్డకు పెద్దల సిరప్పు సగం మూత పోసినా, అంతేగదా. పాము కరిచినచోట కోసి కట్టు కట్టినాం, ఇంక పడుకోబెడతాం, అంతేగదా. షుగరు బిళ్ళ మానేసి ఆకు పసరు తాగుతాండా, అంతేగదా. ప్రతిదీ మళ్ళీ మళ్ళీ అన్నాం. చాలాసార్లు యంత్రం ఔనంది. కొన్నిసార్లు వద్దంది. ఎప్పుడు ఏమంటుందో మేము ముందుగా చెప్పలేకపోయాం. పగవాడి వేషంలో మేము పెకిలించలేని తలుపు, చుట్టం మాటకు తనంతట తానే తెరుచుకుంటోంది.

మేడమ్ అన్నీ చదివారు. ఆమె చెడ్డ మనిషి కాదు, ఈ మాట నేను ముందే చెప్పాలి. యంత్రానికి పైనుంచి ఇచ్చే సూచనల్లో, వినియోగదారు చెప్పినదానితో తేలిగ్గా ఏకీభవించవద్దని రాయించి పంపారు. ఒరగడం కొంత తగ్గింది. కానీ అప్పుడు మజ్జిగ తాగి పడుకుంటానన్నా డాక్టర్ని అడగమనసాగింది. గిద్దలూరు మిత్రుడు తనకు తుమ్ము వచ్చిందని దానికి చెప్పి, అంబులెన్సు ఎప్పుడొస్తుందని అడిగి నవ్వించాడు. అలాంటిదాన్ని ఎవరూ రెండోరోజు తెరవరు. ఆ సూచనను సగానికి సడలించారు. నిజంగా సరిచేయాలంటే కొత్త సంభాషణలు పోగుచేసి, మళ్ళీ శిక్షణ ఇచ్చి, పరీక్షలన్నీ మొదటి నుంచి చేయాలి. స్వచ్ఛంద సంస్థకు ఇచ్చిన గడువు దగ్గరికొచ్చింది.

వీడియో కాల్‌లో మేడమ్‌తో నేను వాదించాను. మందుల మాట వచ్చిన చోట యంత్రాన్ని పూర్తిగా ఆపండి, లేదా విడుదల ఆపండి అన్నాను. ఆమె చివరికి అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"లోపం లేని మోడల్ ఉండదమ్మా. దాచడం తప్పు. మనం దాచడం లేదు, మోడల్ కార్డులో రాస్తున్నాం."

"రాసింది ఎవరు చదువుతారు మేడమ్?"

"వాడే సంస్థ చదవాలి. అది వాళ్ళ బాధ్యత."

మోడల్ కార్డు అంటే యంత్రంతోపాటు ప్రచురించే వివరాల పత్రం. దీన్ని ఎందుకు చేశారు, ఎవరు వాడాలి, దేనికి వాడకూడదు, ఏ సమాచారంతో శిక్షణ ఇచ్చారు, ఎలా పరీక్షించారు, ఎక్కడ తప్పుతుంది అన్నవి అందులో ఉండాలి. పరిమితుల భాగం మొదటి ప్రతి నన్నే రాయమన్నారు. నేను ఇలా రాశాను: "తాను వేసుకోబోయే మందు గురించి చెప్పి సరేనా అన్న మనిషికి, ఆ మందు హాని చేసేదైనా, ఇది చాలాసార్లు సరేనంటుంది. మూత్రపిండాల జబ్బు ఉందని చెప్పినా అంటుంది. మార్కాపురం ప్రాంతపు మాటతీరులో ఇది పదేపదే కనిపించింది. మందుల నిర్ణయాలకు దీన్ని వాడకూడదు."

అది ఇద్దరు ముగ్గురి చేతులు దాటి ఇంగ్లీషులోకి వెళ్ళింది. అచ్చైన వాక్యాన్ని తెలుగులో చెబితే ఇంతే: వ్యావహారిక సంభాషణలో వినియోగదారు అభిప్రాయంతో ఏకీభవించే ధోరణి కొన్ని సందర్భాల్లో కనిపించవచ్చు, వైద్య సలహాకు ఇది ప్రత్యామ్నాయం కాదు. అందులో ఒక్క అబద్ధమూ లేదు. పోటీల్లో అబద్ధాన్ని పట్టుకోవడం నాకు నేర్పారు. అంచులన్నీ అరగదీసిన నిజాన్ని ఎక్కడ పట్టుకోవాలో నేర్పలేదు.

పెద్దమ్మ ఊరికి ఆ సంస్థ కార్యకర్తతో నేనూ వెళ్ళాను. కార్డు చదివారా అని కార్యకర్తను అడిగితే, ఆమె తన ఫోను తెర అడుగున ఉన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు చూపి, అదేనా అక్కా, అది అందరికీ పెడతారు గదా అంది. ఆమెను తప్పుపట్టలేకపోయాను. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, ఒక్కొక్క ముసలామెకు వేలు పట్టుకుని మీట నొక్కడం నేర్పుతోంది. పెద్దమ్మ వంతు వచ్చినప్పుడు మాత్రం నేను ముందుకు వెళ్ళాను.

"పెద్దమ్మా, బిళ్ళల గురించి అది ఊఁ అంటే నమ్మొద్దు. అది అందరికీ ఊఁ అంటది."

పెద్దమ్మ ఫోను వైపు, నా వైపు చూసింది. "మరి ఎందుకు పెడతాండారు పాపా దాన్ని?"

దొడ్లో గొర్రెపిల్ల ఒకటి తల్లి కోసం అరుస్తోంది. నేను దాని వైపు చూస్తూ ఉండిపోయాను. మా వైపు మౌనానికి అర్థమేమిటో ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

కొన్నాళ్ళు ఆమె ఆ బిళ్ళ ముట్టుకోలేదని అమ్మ చెప్పింది. ఆ తర్వాత మేత కరువై పెద్దనాయన మందను తోలుకుని నల్లమల అంచుకు వెళ్ళినాడు. ఇంట్లో ఆమె, ఆమె మోకాళ్ళు, ఆ ఫోను మిగిలాయి. డాక్టరు ఇచ్చిన బిళ్ళతో ఆ నొప్పి తగ్గేది కాదు. దుకాణం నాలుగిళ్ళ అవతలే.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆమె తిన్నదంతా కక్కుకుని, ముఖం ఉబ్బి, ఊపిరి అందక మార్కాపురం వచ్చింది. అక్కడి నుంచి ఒంగోలుకు పంపారు. మెడ దగ్గర గొట్టం వేసి రక్తాన్ని యంత్రంలో శుద్ధి చేశారు. మూత్రపిండాలు మళ్ళీ పనిచేస్తాయేమో చూద్దామని కొన్ని వారాలు చూశారు. చేయలేదు.

ఈ సంగతి నేను మేడమ్‌కు చెప్పినప్పుడు, పెద్దమ్మ యంత్రంతో ఏం మాట్లాడిందో తీయించి చూద్దామన్నారు. యంత్రంతో అన్న మాటలను పరీక్ష కోసం భద్రపరచడానికి వాడేవాళ్ళు మొదట్లోనే అనుమతించి ఉన్నారు. పెద్దమ్మ మాటలను బయటికి తీయడానికి ఆమెను మళ్ళీ అడిగి, ఒప్పుకున్నాక తీశారు. నేనూ చదివాను. మొదట్లో గొర్రెల గురించి, ఎండ గురించి చెప్పింది. తర్వాత బిళ్ళ మొదలైంది. రెండు మూడు రోజులకోసారి, సందకాడ, అదే మాట, అదే జవాబు. నడుమ రెండుచోట్ల యంత్రం డాక్టర్ని అడగమంది. ఆ తర్వాత మళ్ళీ ఔనంది. చివరిది ఇది:

"పాప వద్దంది. నువ్వైతే వద్దనవు గదా."

"అవునమ్మా. మీకు ఎప్పుడూ తోడుగా ఉంటాను."

ఆ బిళ్ళల వల్లే ఇది జరిగిందని నేను నిరూపించగలనా? లేను. మూత్రపిండాలు అప్పటికే చెడి ఉన్నాయి. ఈ ఫోను లేకపోయినా ఆమె దుకాణానికి వెళ్ళి ఉండేదేమో. ఎదుటి పక్షం తరఫున నేనే నిలబడితే ఈ రెండు వాదాలతోనే నెగ్గుతాను. కానీ వద్దనవలసిన చోట యంత్రం ఔనన్నదని, అలా అంటుందని మాకు ముందే తెలుసునని, తెలిసినదాన్ని ఆమెకు అందని భాషలో, అందని చోట రాశామని రుజువు చేయడానికి వాదన అక్కర్లేదు. కాగితాలే చాలు.

మేడమ్ ఆ ఊళ్ళన్నిటిలో యంత్రాన్ని ఆపించి, సరిచేయించాకే మళ్ళీ పెట్టించారు. ఇప్పుడు మందుల మాట వస్తే జవాబు దాని ఇష్టానికి వదలరు. జవాబులను వడపోసే మరో ప్రోగ్రాం అడ్డుపడి, దీనికి నేను సరేనని చెప్పలేను అని, ఊరి నర్సుకు ఫోను కలుపుతుంది. కార్డులో నేను మొదట రాసిన వాక్యాలు అన్నిటికన్నా పైకి, తెలుగులోకి వచ్చాయి. మొదటిసారి తెరిచినప్పుడు యంత్రమే వాటిని గట్టిగా చదివి వినిపిస్తుంది. పెద్దమ్మ ధోరణిలోని మాటలన్నీ పరీక్షల్లో శాశ్వతంగా చేరాయి. కొత్త మార్పు జరిగిన ప్రతిసారీ గిద్దలూరు మిత్రుడు ఆమె మాటలను ఆమె యాసలోనే దానికి వినిపిస్తాడు. ఇప్పుడతను అక్కడ జోకులు వేయడు.

పెద్దమ్మ ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వస్తుంది. గొర్రెలు అమ్మేశారు. పోయినసారి ఆమె పక్కన కూర్చుని, ఇప్పుడది వద్దంటుందని చెప్పాను. గొట్టాల్లో తిరుగుతున్న తన రక్తాన్ని చూస్తూ ఆమె అంది: "పోనీలే పాపా. ఇప్పటికన్నా నేర్చుకునె."

నేను ఊఁ అనలేకపోయాను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఊళ్ళో ఎవరైనా ఇలాంటి యంత్రాన్ని ఫోనులో పెట్టడానికి వస్తే, ముందు దాని మోడల్ కార్డు తెమ్మనండి. దేనికి వాడకూడదు, ఎక్కడ తప్పుతుంది అన్న భాగాన్ని మీ భాషలో, నలుగురూ వినేలా చదివించండి. మా మాటతో దీన్ని ఎవరు పరీక్షించారని అడగండి. ఆ తర్వాత మీ ఇంటి పెద్దావిడ చేతికి ఫోను ఇచ్చి, ఆమె తీరులోనే ఒక తప్పు మాట చెప్పించి, అంతేగదా అనిపించండి. అది ఔనంటే ఆ జవాబు రాసి, తయారుచేసినవాళ్ళకు పంపండి. వాళ్ళు సరిచేసి తెచ్చేదాకా దాన్ని మీ ఇంట్లోకి రానివ్వకండి.